యావరేజ్ చూసి టీమ్ తీస్తే ఇలాగే ఉంటది

పోస్ట్ కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

సంక్రాంతి టోర్నీకి మన టీమ్ లిస్ట్ నిన్న రాత్రి పెట్టారు. స్కోరింగ్ యాప్ తెరిచి, బ్యాటర్లని యావరేజ్ వరుసలో, బౌలర్లని ఎకానమీ వరుసలో పేర్చి, పైన ఉన్నవాళ్లని తీసుకున్నారని చూస్తేనే తెలిసిపోతోంది. దాంతో మన ఓపెనర్ తమ్ముడు పదకొండు మందిలో లేడు. ఆఖరి ఓవర్లు వేసే తమ్ముడు కూడా లేడు. ఈ సీజన్ తొమ్మిది మ్యాచ్‌లకీ స్కోరు రాసింది నేనే. ఆ నంబర్లు నా చేతి మీదుగా వెళ్లినవే, వాటిలో తప్పు లేదు. చదివిన పద్ధతిలో ఉంది తప్పు. పేర్లు రాయట్లేదు, ఎవరో మీకు తెలుసు.

ముందు యావరేజ్ సంగతి. చేసిన పరుగుల్ని ఆడిన ఇన్నింగ్స్‌తో భాగిస్తారని మనలో చాలామంది అనుకుంటారు. కాదు, అవుట్ అయిన సార్లతో భాగిస్తారు. నాటౌట్‌గా మిగిలితే పరుగులు పైన కలుస్తాయి, కింద సంఖ్య మాత్రం పెరగదు. బ్రాడ్‌మన్ కథ అందరికీ తెలుసు కదా. 1948లో ఓవల్‌లో తన చివరి టెస్ట్ ఇన్నింగ్స్‌కి వచ్చేసరికి ఆయన పరుగులు 6996, అవుట్ అయింది 69 సార్లు. అంటే 101.39. హోలీస్ బంతికి సున్నాకే బౌల్డ్ అయ్యాడు. పరుగులు అవే 6996, అవుట్లు 70 అయ్యాయి, యావరేజ్ 99.94కి దిగింది. అదే రోజు సున్నా మీద నాటౌట్‌గా మిగిలి ఉంటే 101.39 అలాగే ఉండేది. సున్నాకి సున్నాకి మధ్య అంత తేడా!

ఇప్పుడు మన పుస్తకం తీద్దాం. ఏడో నంబర్ తమ్ముడు తొమ్మిది ఇన్నింగ్స్‌లో 88 పరుగులు చేశాడు, ఏడు సార్లు నాటౌట్. 88ని రెండుతో భాగిస్తే 44. లిస్ట్‌లో అందరికన్నా పైన ఆయనే. ఓపెనర్ తమ్ముడు తొమ్మిది ఇన్నింగ్స్‌లో 207 చేశాడు, తొమ్మిది సార్లూ అవుట్ అయ్యాడు. యావరేజ్ 23. జట్టుకి రెండింతలకన్నా ఎక్కువ పరుగులు ఇచ్చినోడు సగం బ్యాటర్‌లాగా కనిపిస్తున్నాడు.

దీనికి మందు ఇన్నింగ్స్‌తో భాగించడమే అని ఎవరన్నా అనొచ్చు. అప్పుడు ఓపెనర్‌కి 23, ఏడో నంబర్‌కి 9.8 వస్తుంది. కానీ ఇది కూడా పూర్తి న్యాయం కాదు. ఏడో నంబర్ తమ్ముడు దిగేసరికి ఒక్కోసారి ఆరు బంతులే మిగిలి ఉంటాయి. ఆరు బంతుల్లో పది కొట్టి నాటౌట్‌గా వచ్చినోడిని "పదికే ఆగిపోయాడు" అంటే అన్యాయమే కదా. ఆయన ఆగలేదు, ఓవర్లు అయిపోయాయి. 1999 వరల్డ్ కప్‌లో దక్షిణాఫ్రికా ఆటగాడు క్లూసెనర్ ఎనిమిది ఇన్నింగ్స్‌లో 281 పరుగులు చేసి రెండు సార్లే అవుట్ అయ్యాడు. యావరేజ్ 140.50. బ్రాడ్‌మన్ కన్నా గొప్ప బ్యాటర్ అని దానర్థం కాదు. అలాగని అది ఉత్త నాటౌట్ల మాయ కూడా కాదు. వంద బంతులకి 122 చొప్పున కొట్టాడు, ఆ రోజుల్లో అది మామూలు వేగం కాదు. టోర్నీలో ఉత్తమ ఆటగాడు కూడా ఆయనే.

కాబట్టి యావరేజ్ పక్కన మూడు సంగతులు కూడా చూడాలి: ఎన్నో నంబర్‌లో దిగాడు, ఎన్నిసార్లు నాటౌట్, ఎన్ని బంతులు ఆడాడు. ఏడో నంబర్ తమ్ముడు సీజన్ మొత్తంలో ఆడింది 60 బంతులు. అంటే ఒక్క మ్యాచ్‌లో మన జట్టుకి దక్కే బంతులు అన్నమాట. ఆయన కొత్త బంతిని ఆడలేడని నేను అనను. ఆడగలడో లేదో మనకింకా తెలీదు అంటున్నా. 44 చూసి ఆయన్ని ఓపెనింగ్‌కి పంపుతామంటే మాత్రం నాకు భయమే.

స్ట్రైక్ రేట్ లెక్క సులువు. పరుగుల్ని బంతులతో భాగించి వందతో గుణిస్తాం. చిక్కంతా పోల్చడంలో ఉంది. ఏడో నంబర్ 60 బంతుల్లో 88, అంటే 146.67. ఓపెనర్ 165 బంతుల్లో 207, అంటే 125.45. "ఓపెనర్ స్లో" అని నిన్న ఒక అన్న రాశాడు. అన్నా, మనది పది ఓవర్ల ఆట, 60 బంతులు. అందరూ 125 చొప్పున ఆడితే స్కోరు 75. ఈ సీజన్‌లో 75 కొట్టిన రోజు మనం ఎన్ని గెలిచామో మీరే చూసుకోండి. పైగా ఓపెనర్ ఆడేది బంతి గట్టిగా ఉన్నప్పుడు, అవతలి జట్టు మంచి బౌలర్లు తాజాగా ఉన్నప్పుడు. ఆయన అవుట్ అయితే వెనక ఇంకా తొమ్మిది ఓవర్లు ఆడాలి. ఏడో నంబర్‌కి ఆ బరువు లేదు, కళ్లు మూసుకుని ఊపినా అడిగేవాడు ఉండడు.

2024 జూన్ 29న బ్రిడ్జ్‌టౌన్‌లో జరిగిన టీ20 వరల్డ్ కప్ ఫైనల్ గుర్తు తెచ్చుకోండి. మనలో సగం మంది ఆ రాత్రి సిగ్నల్ కోసం ఫోన్ పట్టుకుని తిరిగినోళ్లమే. కోహ్లీ 59 బంతుల్లో 76, స్ట్రైక్ రేట్ 129కి కొంచెం తక్కువ. జట్టు మొత్తం 120 బంతుల్లో 176, అంటే 146కి పైన. లెక్క ప్రకారం కోహ్లీ జట్టు వేగాన్ని కిందకి లాగాడు. కానీ ఐదో ఓవర్ పూర్తవకముందే మనం 34కి 3. ఆయన యాభై చేయడానికి 48 బంతులు తీసుకున్నాడు, తర్వాత 11 బంతుల్లో 26 కొట్టాడు. మొదటిది 104 వేగం, రెండోది 236 వేగం. 129 అనే ఒక్క అంకె కింద రెండు వేరువేరు ఇన్నింగ్స్ ఉన్నాయి. మధ్యలో మరీ నెమ్మదించాడు అనేవాళ్ల మాట కూడా నేను కొట్టిపారేయను. మనం గెలిచింది ఏడు పరుగులతోనే. అటూ ఇటూ అయ్యుంటే ఆ 48 బంతుల్ని ఇప్పటికీ తిడుతూ ఉండేవాళ్లం.

టెస్టుల్లో అయితే కథే వేరు. 2021 జనవరిలో సిడ్నీలో మన ఆంధ్రా ఆటగాడు హనుమ విహారి తొడ కండరం పట్టేసినా నిలబడి 161 బంతులు ఆడి 23 నాటౌట్. స్ట్రైక్ రేట్ 14. ఆ రోజు కావాల్సింది పరుగులు కాదు, సాయంత్రం దాకా వికెట్ పడకపోవడం. అశ్విన్‌తో కలిసి మ్యాచ్ డ్రా చేశాడు.

ఇక ఎకానమీ. నాకు అన్నిటికన్నా కోపం వచ్చింది దీని దగ్గరే. ముందు చిన్న విషయం, పుస్తకంలో రాసేటప్పుడు మన వాళ్లే చేసే తప్పు. 3.4 ఓవర్లు అంటే మూడు పాయింట్ నాలుగు కాదు, మూడు ఓవర్లా నాలుగు బంతులు. 22 బంతులు. ఆ 22 బంతుల్లో 22 పరుగులు ఇస్తే ఎకానమీ సరిగ్గా 6. కాలిక్యులేటర్‌లో 22ని 3.4తో భాగిస్తే 6.47 వస్తుంది. పాపం బౌలర్‌కి ఊరికే అర పరుగు పడుతుంది. వైడ్లు, నోబాల్స్ బౌలర్ లెక్కలోకి వస్తాయి, బైలు, లెగ్‌బైలు రావు.

ఇప్పుడు అసలు సంగతి. అదే ఫైనల్‌లో దక్షిణాఫ్రికా 30 బంతుల్లో 30 కొడితే చాలు. అక్షర్ వేసిన 15వ ఓవర్లో 24 వచ్చాయి. అక్షర్ నాలుగు ఓవర్లలో 49 ఇచ్చాడు, ఎకానమీ 12.25. ఆ ఒక్క ఓవర్ పక్కన పెడితే మిగతా మూడింట్లో 25 మాత్రమే. ఆ తర్వాత 16వ ఓవర్లో బుమ్రా 4, 17లో హార్దిక్ 4 ఇచ్చి క్లాసెన్ వికెట్, 18లో బుమ్రా 2 ఇచ్చి ఒక వికెట్, 19లో అర్షదీప్ 4. ఆఖరి ఓవర్‌కి 16 కావాలి, హార్దిక్ 8 ఇచ్చి రెండు వికెట్లు తీశాడు. ఆ ఓవర్ ఒక్కదాన్నే చూస్తే ఎకానమీ 8. అంకెగా చూస్తే మామూలు బౌలింగ్. కానీ కప్పు వచ్చింది ఆ 8లోనే.

మన తమ్ముడి విషయం కూడా ఇదే. ఎనిమిది మ్యాచ్‌ల్లో 16 ఓవర్లు వేసి 152 పరుగులు ఇచ్చాడు, ఎకానమీ 9.5. ఆయన బదులు తీసుకున్న తమ్ముడు 16 ఓవర్లలో 104 ఇచ్చాడు, 6.5. యాప్ అంతవరకే చెప్తుంది. ఎవరు ఏ ఓవర్ వేశారో పుస్తకంలో ఉంది. మొదటి తమ్ముడు ఎప్పుడూ ఎనిమిదో ఓవర్, పదో ఓవర్. రెండో తమ్ముడు నాలుగు నుంచి ఆరు మధ్యలో. నిన్న రాత్రి కూర్చుని తొమ్మిది మ్యాచ్‌ల్లో రెండు జట్ల బౌలర్లూ ఇచ్చినవి కలిపి లెక్క తీశాను. ఆఖరి మూడు ఓవర్లలో ఓవర్‌కి సగటున 12 వచ్చాయి. నాలుగు నుంచి ఆరు ఓవర్లలో 6. అంటే 9.5 ఇచ్చినోడు ఆ చోట మిగతావాళ్ల కన్నా ఓవర్‌కి రెండున్నర పరుగులు ఆపాడు. 6.5 ఇచ్చినోడు తన చోట అర పరుగు ఎక్కువే ఇచ్చాడు.

నా లెక్కలో కూడా లోపం ఉంది, దాచను. తొమ్మిది మ్యాచ్‌లంటే చాలా తక్కువ. ఓపెనర్ 207లో ఒక్క 51 తీసేస్తే మిగిలింది 156, యావరేజ్ 19.5కి పడిపోతుంది. రెండు మ్యాచ్‌లు చిన్న గ్రౌండ్‌లో, రోడ్డు వైపు బౌండరీ మరీ దగ్గర ఉన్న చోట ఆడాం. అవి ఏ అంకెలోనూ కనిపించవు. అందుకే అర పరుగు తేడా పెట్టుకుని రెండో తమ్ముడిని తీసేయమని నేను అడగట్లేదు. ఇద్దరూ ఉండొచ్చు, మధ్య ఓవర్లు ఒకరు, చివరివి ఒకరు.

అడిగేది ఒక్కటే. లిస్ట్ ఫైనల్ చేసే అన్నలు ఆదివారం సాయంత్రం పుస్తకం ముందు పెట్టుకుని ఒక గంట కూర్చోండి. నేను వస్తాను, ఓవర్ నంబర్లతో సహా అన్ని పేజీలు ఫొటో తీసి కింద కామెంట్లో పెడుతున్నాను. నా కూడికల్లో తప్పుంటే అక్కడే చెప్పండి, దిద్దుతాను. ఏడో మ్యాచ్ పేజీ కొంచెం వానకి తడిసింది, కనపడకపోతే నన్ను అడగండి.