కల్లం కాపలా, క్వింటా ధర, పడకగది

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ప్రత్తిపాడు, పెదనందిపాడు, పర్చూరు వైపు రాత్రిపూట వెళ్తే పొలాల్లో మిరప కల్లాలు, వాటి పక్కన మంచాలు కనిపిస్తాయి. మంచం మీద దుప్పటి కప్పుకుని ఒక మనిషి పడుకుని ఉంటాడు గానీ నిద్రపోడు. కోసిన కాయ ఎండేదాకా కల్లంలోనే ఉండాలి. మబ్బు కనిపిస్తే లేచి పట్టా కప్పాలి, కుక్క మొరిగితే టార్చి వేసి చూడాలి. మంచం మీద ఉన్నంతసేపూ తలలో యార్డు ధర తిరుగుతూనే ఉంటుంది. కోతలు మూడు నాలుగు విడతలుగా సాగుతాయి కాబట్టి ఇది ఒకటి రెండు రాత్రుల సంగతి కాదు.

ఆ మనిషి ఇంటికొచ్చాక భార్య దగ్గరికి మనసు పోదు. నెలలు గడుస్తాయి. ఆమె తనలోనే ఏదో లోపం ఉందనుకుంటుంది. అతను తనకు మగతనం పోయిందనుకుంటాడు. గోడల మీద రాసి ఉన్న ‘నరాల బలహీనత’ వైద్యం నంబరు ఎవరికీ తెలియకుండా ఫోన్‌లో ఎక్కించుకుంటాడు. నరాలకు ఏ జబ్బూ లేకపోయినా పొడి పొట్లాలకు వేలు పోస్తాడు. ఈ మాట మన ఊళ్లలో ఎవరూ పైకి అనరు. అందుకే ఇంకో చోట, ఇలాంటి రైతుల మీదే జరిగిన పరిశీలన ఒకటి చెబుతాను.

తమిళనాడులో విల్లుపురం, తిరువణ్ణామలై జిల్లాల్లో 464 మంది చెరకు రైతులను ఆనంది మణి, సెంథిల్ ముల్లైనాథన్, ఎల్డార్ షఫీర్, జియాయింగ్ జావో పరిశీలించారు. ఫలితాలు 2013లో ‘సైన్స్’ పత్రికలో వచ్చాయి. చెరకు రైతుకు డబ్బు ఏడాదికి ఒక్కసారే, కోత తర్వాతే చేతికొస్తుంది. కోతకు ముందు కుదువలు, అప్పులు. కోత తర్వాత కాస్త ఊపిరి. వాళ్లు ఒకే రైతును కోతకు ముందొకసారి, తర్వాతొకసారి కూర్చోబెట్టి బొమ్మల పజిళ్లు ఇచ్చారు. కోతకు ముందుకన్నా తర్వాత అదే మనిషి దాదాపు పాతిక శాతం ఎక్కువ సరిగ్గా చేశాడు. అక్కడ ఎవరి కోత ఎప్పుడన్నది మిల్లు నిర్ణయిస్తుంది, ఒక్కో రైతుకు ఒక్కో నెల పడుతుంది. అందువల్ల తేడాకు కారణం ఎండో వానో పండుగో అని తోసెయ్యడానికి లేదు. మనిషి మారలేదు, తెలివీ మారలేదు. తల మీద బరువు మాత్రం దిగింది.

ఆ రైతులను కోరిక గురించి ఎవరూ అడగలేదు. అయినా ఆ పరిశీలన చదివినప్పుడు నాకు ముందు తట్టింది ఇదే: లెక్కకే ధ్యాస మిగలని తలలో సరసానికి ఎక్కడ మిగులుతుంది? కోరికకూ ధ్యాసే కావాలి. విల్లుపురం రైతుకు బరువు ఏటా ఒకసారి దిగుతుంది. మనవాడికి కోత అయినా దిగదు, ఎందుకంటే ధర తేలదు. సరుకు కోల్డ్ స్టోరేజీకి పోతుంది, రశీదు చేతికొస్తుంది, గుబులు అలాగే ఉంటుంది.

ఈ నేలకు ఆ గుబులు కొత్తది కాదు. 1987-88లో తెల్లదోమ పత్తిని తుడిచిపెట్టింది. మందు మీద మందు కొట్టి, అప్పు మీద అప్పు చేసి, గుంటూరు, ప్రకాశం జిల్లాల రైతులు ప్రాణాలు తీసుకున్నారు. 2021-22లో నల్ల తామరపురుగు మిరప పూతను మాడ్చేసింది. ఆ తర్వాతి ఏడాదుల్లో క్వింటా ఇరవై వేలు దాటి పలికిన కాయ ధర 2025లో పడిపోతే, కేంద్రం మార్కెట్ జోక్యం కింద క్వింటాకు 11,781 రూపాయలు ప్రకటించాల్సి వచ్చింది. ఆ అంకె వెనక ఎన్ని ఇళ్లలో ఎన్ని రాత్రులు పాడయ్యాయో ఏ యార్డు లెక్కలోనూ ఉండదు.

కెన్యా నుంచి ఇంకో పరిశీలన ఉంది. షెమాన్, డి లాట్, హౌషోఫర్ అనే ముగ్గురు అక్కడి రైతుల లాలాజలం తీసి కార్టిసాల్ కొలిచారు. ఒత్తిడి వేళ మూత్రపిండాల మీది అడ్రినల్ గ్రంథులు వదిలే హార్మోన్ అది. వాన తక్కువ పడ్డ చోట రైతుల్లో అది పెరిగింది. అందులోనూ సేద్యం తప్ప వేరే ఆధారం లేనివారిలో మరీ పెరిగింది. అంటే ఆకాశంలో లేని వాన మనిషి నోటి తడిలో కనిపించింది. వేరే రాబడి ఉన్నవాళ్ల ఒంటికి ఆ దెబ్బ కొంత తగ్గి తగిలింది. మన దగ్గర ఆ వేరే రాబడి పాడి. రెండు గేదెల పాల డబ్బు మిరప అప్పు తీర్చలేదు. కానీ పది పదిహేను రోజులకొకసారి తప్పక వచ్చే డబ్బు, ఎప్పుడొస్తుందో తెలియని పెద్ద డబ్బుకన్నా ఒంటిని ఎక్కువ నెమ్మదిపరుస్తుంది.

కార్టిసాల్‌కూ కోరికకూ లంకె ఇది. మెదడు అడుగున ఉండే హైపోథాలమస్ పిట్యూటరీకి కబురు పెడితే, పిట్యూటరీ ఎల్‌హెచ్ అనే హార్మోన్ వదులుతుంది, దాంతో వృషణాలు టెస్టోస్టిరాన్ తయారుచేస్తాయి. ఒత్తిడి చాన్నాళ్లు సాగితే ఆ మొదటి కబురే మందగిస్తుంది. ప్రాణం నిలబెట్టుకునే వేళ సంతానం పని తర్వాత చూద్దామని ఒళ్లు వాయిదా వేస్తుంది. పైగా టెస్టోస్టిరాన్ ఎక్కువగా ఊరేది నిద్రలోనే. షికాగోలో ఆరోగ్యంగా ఉన్న పదిమంది కుర్రాళ్లను వారం రోజుల పాటు రాత్రికి అయిదు గంటలే పడుకోనిచ్చి కొలిస్తే, పగటి టెస్టోస్టిరాన్ 10 నుంచి 15 శాతం పడిపోయింది. 2011లో అచ్చయిన ఫలితం ఇది. మంచి పరుపు మీద, అప్పు లేని కుర్రాళ్లకే అలా అయితే, కల్లం మంచం మీద నలభై ఏళ్లవాడి సంగతి వేరే చెప్పాలా?

ఇక్కడొక జాగ్రత్త. ‘కార్టిసాల్ టెస్టు’ చేయించమని ల్యాబులు ఊరిస్తాయి. పొద్దున లేచిన అరగంటకు అది ఎగబాకుతుంది, అర్ధరాత్రికి అడుగంటుతుంది. పూర్తిగా అలసిపోయిన మనిషిలో పెరగకుండా చప్పబడి కూడా ఉండొచ్చు. ఒక్కసారి రక్తం తీసి ఒత్తిడిని కొలవలేం.

లెక్క కోసం ఒక రైతును అనుకుందాం. నాలుగెకరాల కౌలు మిరప, నలభై రెండేళ్లు. మందుల కొట్లో బాకీ, కమిషన్ ఏజెంటు దగ్గర అడ్వాన్సు, బ్యాంకులో బంగారం, బావమరిది దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి చేబదులు. చివరిది భార్యకు తెలియదు. కల్లంలో రాత్రికి మూడు నాలుగు గంటలు కునుకు. నిద్ర పట్టడానికి ఒక క్వార్టరు. ఇతను ఎక్కడ మొదలుపెట్టాలి?

నిద్ర దగ్గర. ముగ్గురు రైతులు కల్లాలు పక్కపక్కన వేసుకుంటే పదిహేను రోజుల్లో ఒక్కొక్కరికి అయిదు రాత్రులే కాపలా, మిగతా పది రాత్రులు ఇంట్లో ఏడు గంటల నిద్ర. కాపలా చేసిన మర్నాడు మధ్యాహ్నం భోజనానికి ముందే గంటన్నర పడుకోవాలి. రాత్రి ఎనిమిది తర్వాత ధరల వాట్సాప్ చూడటం మానాలి, తెల్లారేదాకా యార్డులో ధర మారదు. క్వార్టరు కళ్లు మూయిస్తుంది గానీ అర్ధరాత్రి దాటాక లేపుతుంది; అంగస్తంభనను కూడా దెబ్బతీస్తుంది.

తర్వాతది బావమరిది బాకీ. దాచిన అప్పు మంచం మీద మూడో మనిషిలా ఉంటుంది. వారానికి ఒక సాయంత్రం భార్యాభర్తలు నోటుపుస్తకం ముందేసుకుని, ఎవరికెంత, ఏ వడ్డీకి, ఎప్పటికి అని రాసుకోవాలి. రాశాక పుస్తకం మూసి, పడకగదిలో ఆ మాట ఎత్తకూడదు. అప్పు తగ్గదు. తలలో తిరగడం మాత్రం తగ్గుతుంది. విల్లుపురం రైతు దగ్గర చూసింది ఆ బరువునే.

మూడోది దంపతుల మధ్య. అమెరికాలో మాస్టర్స్, జాన్సన్ 1970లో వివరించిన పద్ధతిని సెక్స్ థెరపిస్టులు నేటికీ వాడుతున్నారు. మొదటి రెండు వారాలు కలయిక వద్దని ఇద్దరూ ముందే ఒప్పుకుంటారు. వారానికి రెండు మూడుసార్లు ఇరవై నిమిషాలు ఒకరినొకరు తాకుతారు, అదీ మర్మాంగాల జోలికి పోకుండా. తర్వాతి వారాల్లో వాటినీ కలుపుకుంటారు. కలయిక చివరన వస్తుంది. ‘ఈసారి అవుతుందా’ అనే పరీక్ష భయమే కోరికను అణిచేస్తుంది. పరీక్షే లేదని తెలిస్తే ఒళ్లు సడలుతుంది. అత్తామామలు, పిల్లలు ఒకే వసారాలో పడుకునే ఇంట్లో ఇరవై నిమిషాల ఏకాంతం దొరకడం కష్టమే. మధ్యాహ్నం పిల్లలు బడికెళ్లిన వేళ అయినా సరే, దాన్ని పనిగట్టుకుని దొరకబుచ్చుకోవాలి.

ఇలా చేస్తే నిద్ర రెండు మూడు వారాల్లో కుదురుకోవచ్చు. కోరికకు రెండు మూడు నెలలు ఇవ్వాలి. తెల్లవారుజామున స్తంభనలు మళ్లీ కనిపిస్తుంటే దారిలో పడ్డట్టే. అవి అసలే లేకపోయినా, మూడు నెలలకూ మార్పు రాకపోయినా డాక్టరు దగ్గరికి వెళ్లాలి. షుగరు, బీపీ, థైరాయిడ్, ప్రోలాక్టిన్ చూడమని అడగాలి. టెస్టోస్టిరాన్‌కు రక్తం ఉదయం ఏడు పది గంటల మధ్య, పరగడుపున, వేర్వేరు రోజుల్లో రెండుసార్లు ఇవ్వాలి. స్తంభన సమస్య ఒక్కోసారి గుండెజబ్బుకు ముందే కనిపిస్తుంది కాబట్టి నడిస్తే ఛాతీ పట్టేస్తుంటే ఆలస్యం చేయకూడదు. డిప్రెషన్ మందులు కూడా కోరికను తగ్గిస్తాయి. వాటిని సొంతంగా ఆపకుండా, మందు మార్చమని డాక్టర్నే అడగాలి. పొలంలో పురుగుమందు కొట్టిన రోజున తలనొప్పి, విపరీతమైన చెమటలు, చూపు మసకబారడం ఉంటే అది ఒత్తిడి కాదు, పురుగుమందు విషం. వెంటనే ఆసుపత్రికి పోవాలి.

మెడికల్ షాపులో దొరికే నీలం మాత్ర రక్తప్రసరణకు పనికొస్తుంది, కోరికను పుట్టించదు. గుండెనొప్పికి నైట్రేట్ మాత్రలు వాడేవాళ్లు వేసుకుంటే ప్రాణాపాయం. టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్ వీర్యకణాల తయారీని ఆపేస్తుంది. ఇంకా పిల్లలు కావాలనుకునేవాళ్లు దాని జోలికి పోకూడదు. పేరులేని పొడి పొట్లంలో ఏముందో అమ్మేవాడికీ తెలియదు.

బతుకు మీదే ఆశ పోయినట్టు అనిపిస్తే 14416కు ఫోన్ చేయండి. టెలి మానస్, ప్రభుత్వ సేవ, ఉచితం. 1987లో ఈ నంబరు లేదు.

ఈ ఏడు కల్లం వేసే ముందు పక్క చేను రైతుతో కాపలా వంతులు మాట్లాడుకోండి.