ఆయిల్ డబ్బా వెనకవైపు ఫొటో తీయండి

'ఈ ఆయిల్ నా బండికి పోయొచ్చా?' అని వాట్సాప్‌లో ఒక ఫొటో వస్తుంది. అందులో కంపెనీ పేరు, 'ఫుల్లీ సింథటిక్' అన్న మాట పెద్ద అక్షరాల్లో మెరుస్తుంటాయి. అడిగిన ప్రశ్నకు జవాబు మాత్రం సాధారణంగా డబ్బా వెనకవైపు, చిన్న అక్షరాల్లో ఉంటుంది. నా ఉద్దేశంలో బ్రాండును చివర చూడాలి. ముందు చూడాల్సినవి మూడు గుర్తులు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. బండి, 2021 నుంచి వస్తున్న రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350. దానికి కంపెనీ చెప్పిన ఆయిల్ 15W-50, API SL, JASO MA2. ఫొటోలోని డబ్బా మీద 5W-30, API SP, 'Resource Conserving' అని ఉందనుకుందాం. ఇది కార్ల ఆయిల్. ధర ఎక్కువ, ప్రమాణమూ కొత్తదే. అయితే ఈ బండికి పనికొస్తుందా?

మొదటి గుర్తు చిక్కదనానిది. W పక్కనున్న అంకె చలిలో ఆయిల్ ఎంత తేలిగ్గా కదులుతుందో చెబుతుంది. 5W ఆయిల్‌ను మైనస్ 30 డిగ్రీల దగ్గర, 15W ఆయిల్‌ను మైనస్ 20 దగ్గర పరీక్షిస్తారు. విజయవాడలోనో, వరంగల్‌లోనో ఆ తేడాతో మనకు పెద్దగా పనిలేదు. మనకు ముఖ్యమైనది రెండో అంకె. అది 100 డిగ్రీల వేడిలో ఆయిల్ చిక్కదనాన్ని సూచిస్తుంది. 50 గ్రేడుకు అది కనీసం 16.3 సెంటీస్టోక్స్ ఉండాలి. 30 గ్రేడు 12.5 కూడా దాటదు. అంటే ఇంజిన్ కాగిన తర్వాత లోహభాగాల మధ్య నిలిచే ఆయిల్ పొర, తయారీదారు లెక్క వేసుకున్నదానికంటే పలచబడుతుంది. ఎండాకాలపు ట్రాఫిక్‌లో నెమ్మదిగా పాకే బండికి ఇది చిన్న విషయం కాదు.

రెండోది API గుర్తు. S తర్వాతి అక్షరం ముందుకు వెళ్లేకొద్దీ ప్రమాణం కొత్తదవుతుంది. SL 2001 నాటిది, SP 2020 నాటిది. ఇక్కడ మన కారు ఆయిలే గెలిచింది. చాలామంది పొరబడేదీ ఇక్కడే. 'కొత్తది కాబట్టి మెరుగైనదే కదా' అనుకుని మూడో గుర్తు చూడకుండా ఆగిపోతారు.

ఆ మూడో గుర్తు JASO. కారులో ఇంజిన్ ఆయిల్ క్లచ్‌ను తాకదు. చాలా మోటార్‌సైకిళ్లలో మాత్రం క్లచ్ ప్లేట్లు అదే ఆయిల్‌లో మునిగి తిరుగుతాయి. ఇంజిన్‌కు రాపిడి తగ్గాలి, క్లచ్‌కు రాపిడి కావాలి. ఒకే ఆయిల్ ఈ రెండు పనులూ చేయాలి. జపాన్ వాహన ప్రమాణాల సంస్థ రూపొందించిన పరీక్ష క్లచ్ పట్టును కొలుస్తుంది. MA2 అంటే ఎక్కువ పట్టు, MB అంటే తక్కువ పట్టు. ఆయిల్‌లో తడవని క్లచ్ ఉన్న స్కూటర్లకు MB సరిపోతుంది. ఫొటోలోని కారు ఆయిల్‌కు JASO గుర్తే లేదు. పైగా ఇంధనం ఆదా చేయడానికి రాపిడిని తగ్గించే ఆయిల్ అని 'Resource Conserving' మాట సూచిస్తోంది. క్లచ్ తప్పకుండా జారుతుందని దీని అర్థం కాదు. జారదని ఎవరూ హామీ ఇవ్వలేదని అర్థం. జారడం మొదలైతే పై గేరులో యాక్సిలరేటర్ తిప్పినప్పుడు ఇంజిన్ మోత పెరుగుతుంది కానీ బండి వేగం అంతగా పెరగదు.

కాబట్టి క్లాసిక్ 350కి ఈ డబ్బా వద్దు. దాని బదులు 15W-50, API SN, JASO MA2 అని ఉన్న డబ్బా ఫొటో వస్తే, కంపెనీ ఏదైనా సరే, మూడు గుర్తులూ కుదిరాయని చెప్పొచ్చు. SN అనేది SL తర్వాత వచ్చిన ప్రమాణమే.

ఇక బ్రాండు. కంపెనీ పేరు ఒక్కటే చదివితే చాలదు, డబ్బా మీది పూర్తి పేరు చదవాలి. మొటుల్ కంపెనీకి 7100 మోటార్‌సైకిల్ ఆయిల్, 8100 కార్ల ఆయిల్. మసక ఫొటోలో ఆ మొదటి అంకె కనిపించకపోతే ఊహించి చెప్పకూడదు, మరో ఫొటో అడగాలి.

ఫొటో చెప్పలేని సంగతి ఒకటుంది. లేబుల్ ఏం హామీ ఇస్తుందో అది చూపగలదు కానీ లోపల ఏముందో చూపలేదు. నకిలీ ఆయిల్‌కూ అచ్చమైన లేబుల్ అంటించొచ్చు. మూత సీలు తెగిందా, బ్యాచ్ నంబరు చెరిపేశారా అన్నవి డబ్బా చేతిలోకి తీసుకునే చూడాలి.

కంపెనీలను నేను కోరేది ఒక్కటే. గ్రేడును ఎలాగూ చాలా డబ్బాల మీద ముందువైపే వేస్తున్నారు. 'ఫుల్లీ సింథటిక్' అన్నంత పెద్ద అక్షరాల్లో JASO గుర్తునూ దాని పక్కనే వేయాలి. అలా వేసేదాకా మనమే డబ్బాను తిప్పి ఫొటో తీయాలి. పక్కన బండి మాన్యువల్‌లోని ఆయిల్ పేజీ ఫొటో కూడా పెట్టాలి. ఆ రెండూ ఉంటే జవాబు మీరే చెప్పుకోగలరు.