నీళ్లను పోనివ్వాలి, మట్టిని ఆపాలి

2022 జులైలో కడెం ప్రాజెక్టు గేట్ల మీదుగా వరద పొంగినప్పుడు రాష్ట్రమంతా ఊపిరి బిగబట్టి చూసింది. కట్ట మీదుగా దూకే నీరు ఎవరికైనా కనిపిస్తుంది. కట్ట లోపల నడిచే నీరు కనిపించదు. ఆ ప్రాజెక్టు ఆయకట్టు కిందకే వచ్చే లక్సెట్టిపేట వైపు చెలకల్లో తవ్వుకున్న చిన్న కుంటలకు ఈ రెండో నీటితోనే పేచీ.

వాలు చెలకలో కుంట తవ్వించుకున్న ఒక కుటుంబాన్ని తీసుకుందాం. వాలులో తవ్విన కుంటకు ఎగువ వైపు నీరు నేల మట్టానికి కిందే ఉంటుంది. దిగువ వైపు మాత్రం తవ్విపోసిన మట్టికట్టే దాన్ని ఆపాలి. ముసురు పట్టి కుంట నిండింది. ఇంకాస్త నీరు ఆగితే నాట్లకు పనికొస్తుందని మత్తడికి ఇసుక బస్తాలు అడ్డం వేశారు. వాన తెరిపిచ్చింది, ఎండ కాసింది. హమ్మయ్య అనుకున్న మర్నాడు కట్ట బయటి వాలు ఒక పెళ్లలా జారి చేలో పడింది.

వాన ఆగాక ఎందుకు జారింది? చూడవచ్చిన ఇంజినీరు టేపు తీసి కొలిచాడు. కట్ట ఎత్తు 2 మీటర్లు, పైవెడల్పు 1 మీటరు, రెండు వైపులా వాలు నిటారుగా మీటరుకు మీటరు. అంటే అడుగున వెడల్పు 5 మీటర్లు. నిలిచిన నీరు మీటరున్నర. కుంట నీరు కట్టలోకి ఇంకుతూ, మెల్లగా దిగుతూ బయటికి నడుస్తుంది. బంకమట్టి కట్టలో ఆ ఊటగీత 4 మీటర్లు నడిస్తే 1 మీటరు దిగుతుందన్నది చెరువుల లెక్కల్లో వాడే మోటు అంచనా. మీటరున్నర దిగాలంటే 6 మీటర్లు నడవాలి. నీరు కట్టను తాకేచోటి నుంచి బయటి పాదం దాకా ఇక్కడ ఉన్నది మూడున్నర మీటర్లే. అందుకే ఊట పాదం దాకా రాకుండానే, నేలకు దాదాపు 80 సెంటీమీటర్ల ఎత్తున బయటి వాలు మీద తేలింది. ఇసుకపాలు ఎక్కువుంటే ఇంకా పైన తేలుతుంది. ఈ నడకకు సమయం పడుతుంది. వాన వెలిశాక కట్ట జారడంలో వింత లేదు.

తడిసిన మట్టి బరువెక్కుతుంది. రేణువుల మధ్య చేరిన నీరు వాటిని ఎడంగా నెట్టడంతో ఒకదాన్నొకటి పట్టుకునే బలమూ తగ్గుతుంది. జారడానికి కావలసినవి ఆ రెండే.

అప్పటికే ఇంటివాళ్లు జారినచోట తట్టలతో మన్ను పోసి తొక్కుతున్నారు. "బయటి నుంచి మన్ను పోస్తే నీళ్లు ఆగయా సారూ?" అని ఇంటావిడ అడిగింది. "ఆగుతయమ్మా, అదే ముప్పు. బయటికి తొవ్వ లేక నీళ్లు కట్టలోనే పైకెక్కుతయి. అప్పుడు పెద్ద పెళ్ల జారుతది" అన్నాడాయన. నా దృష్టిలో ఈ వ్యవహారం మొత్తంలో రైతుకు తప్పక చేరాల్సిన మాట ఇది. కారేచోటును మూయాలన్న సహజ బుద్ధి ఇక్కడ ఎదురు తిరుగుతుంది. లోపలి వైపు బంకమట్టితో నీటిని అడ్డుకోవాలి. బయటి వైపు దానికి దారివ్వాలి, మట్టి మాత్రం పోకూడదు. అందుకే తడి తేలినచోట ముందు ఇసుక, దానిమీద కంకర, ఆ పైన రాళ్లు పేరుస్తారు.

మట్టి పోతోందో లేదో తెలుసుకోవడానికి ఆయన ఊటనీటిని తెల్ల సీసాలో పట్టి కాసేపు కదపకుండా పెట్టాడు. నీరు తేటగా ఉంటే కొంత ఆగొచ్చు. అడుగున మట్టి పేరుకుంటే కట్టలో బుంగ మొదలైనట్టే, ఆ పూటే కదలాలి. బస్తాలు తీసి మత్తడిని వదిలించాడు గానీ మోటార్లు పెట్టి కుంటను గబగబా తోడనివ్వలేదు. నీరు ఒక్కసారిగా దిగితే, ఇంకా తడిగానే ఉన్న లోపలి వాలుకు ఎదుటి ఆనుడు పోయి అటువైపూ జారుతుంది.

ఎండాకాలంలో కట్టను గట్టి మట్టి తగిలేదాకా మెట్లుగా చెక్కి, జానెడు మందం పొరలుగా తడిపి, దిమ్మిస కొట్టి మళ్లీ కట్టాలి. వాలు మీటరు ఎత్తుకు 2 మీటర్లు ఇస్తే అడుగు 9 మీటర్లవుతుంది, ఊట నడవడానికి సరిగ్గా 6 మీటర్లు దొరికి పాదం దగ్గర తేలుతుంది. అక్కడ రాళ్ల పాదం ఉంటే చాలు. కానీ 4 మీటర్ల వెడల్పున చేను పోతుంది. ఎకరమో రెండెకరాలో ఉన్న ఇంటికి అది చిన్న నష్టం కాదు.

ఇలాంటి కుంటలు తవ్వించిన ఉపాధి హామీలో మట్టిపనికి కూలీ తవ్విన ఘనపు మీటర్లను బట్టి వచ్చింది. గుంత కొలతలు పుస్తకంలోకి ఎక్కాయి. పక్కన పోసిన మట్టి పొరలుగా పడిందా, తడిపి కొట్టారా అన్నదానికి విడిగా కొలతా లేదు, కూలీ కూడా లేదు. గుట్టగా పోసి వదిలిన మట్టిని కట్ట అని పిలిచి రైతుకు అప్పగించాం. వాలు భూముల్లో కుంట మంజూరు చేసేటప్పుడు దిగువ కట్టను వేరే పనిగా లెక్కగట్టి, పొరపొరకూ దిమ్మిస కూలీ, పాదానికి రాయి, ఇసుక ఖర్చు అంచనాలోనే చేర్చాలి. ఆ డబ్బు లేదంటే కట్ట ఎత్తి నీరు నిలపడం మాని, మత్తడిని నేల మట్టంలోనే పెట్టి గుంతలో పట్టినంత నీటితో సరిపెట్టుకోవాలి.