మార్కుల పక్కన కారణం రాయాలి

మైనారిటీ గురుకులాల్లో, వసతి గృహాల్లో భోజనం బాగాలేదని తల్లిదండ్రులు ఫిర్యాదు చేసినప్పుడల్లా మనం కాంట్రాక్టరును నిందిస్తాం. ఆ కాంట్రాక్టరును ఎందుకు ఎంచుకున్నారో చెప్పే కాగితం మరొకటి ఉంది. అదే టెండర్ల మూల్యాంకన కమిటీ మినిట్స్. ఎన్ని బిడ్లు వచ్చాయి, వాటిని ఎప్పుడు తెరిచారు, ఏ ప్రమాణానికి ఎన్ని మార్కులు వేశారు, చివరకు ఒకరినే ఎందుకు ఎంపిక చేశారు అన్నది అందులో ఉండాలి. కార్యాలయ దస్త్రాల మధ్య జీవితం గడిపిన మాకు తెలిసినంతలో, దీన్ని అడిగి చదివే తల్లిదండ్రులు చాలా తక్కువ.

ఒక ఊహాత్మక ఉదాహరణతో ఈ విషయాన్ని వివరిస్తాం. 480 మంది విద్యార్థులున్న ఒక వసతి గృహానికి భోజన సరఫరా కోసం టెండరు పిలిచారు. నాణ్యతకు 30 శాతం, ధరకు 70 శాతం ప్రాధాన్యమని నోటీసులోనే ప్రకటించారు. (కన్సల్టెన్సీ కాని సేవలను ఇలా నాణ్యత, ధర కలిపి ఎంపిక చేసే పక్షంలో ధరేతర అంశాల వాటా 30 శాతం మించరాదని కేంద్ర ఆర్థిక శాఖ 2021 అక్టోబరులో నిర్దేశించింది. రాష్ట్రాలకు తమ సొంత నిబంధనలు ఉంటాయి.) మూడు బిడ్లు వచ్చాయి. ధరావతు చెల్లించనందున ఒకటి తిరస్కరణకు గురైంది. మిగిలిన ఇద్దరిలో మొదటివారికి నాణ్యతలో 80 మార్కులు, రెండోవారికి 60 మార్కులు వచ్చాయి. ఒక్కో విద్యార్థికి రోజుకు మొదటివారి ధర 56 రూపాయలు, రెండోవారి ధర 50 రూపాయలు.

లెక్క కష్టమైనది కాదు. తక్కువ ధర చెప్పినవారికి ధర మార్కులు పూర్తిగా 70 వస్తాయి. మొదటివారికి 50ని 56తో భాగించి 70తో గుణిస్తే 62.5 వస్తుంది. నాణ్యత మార్కుల్లో 30 శాతం తీసుకుంటే మొదటివారికి 24, రెండోవారికి 18. మొత్తం మొదటివారికి 86.5, రెండోవారికి 88. కాబట్టి రెండోవారే ఎంపిక కావాలి.

ఇప్పుడు మొదటివారి నాణ్యత మార్కులు 80కి బదులు 90 అని రాశారనుకుందాం. వారి మొత్తం 89.5 అవుతుంది, ఫలితం తారుమారవుతుంది. రోజుకు ఒక్కో విద్యార్థిపై 6 రూపాయల తేడా అంటే 200 రోజులకు 5,76,000 రూపాయలు. ఇంత భారాన్ని మోసేది ఆ పది మార్కులే. వాటి పక్కన 'సంతృప్తికరం' అన్న ఒక్క మాట మాత్రమే ఉంటే ఆ మినిట్స్ ఏమీ చెప్పనట్లే. 'గోదాము తనిఖీ చేశాం, శీతల నిల్వ వసతి ఉంది, గత మూడేళ్ల సరఫరా ధ్రువపత్రాలు చూశాం' అని రాస్తే అది కారణం. అటువంటి కారణం ఉన్నప్పుడు ఎక్కువ ధర చెప్పినవారి ఎంపికను మేమూ తప్పుపట్టం. పిల్లల పళ్లెంలో చవకదనం ఒక్కటే గీటురాయి కారాదు కదా!

మినిట్స్ చేతికి వచ్చాక మూడు విషయాలు చూడాలి. మొదటిది, మార్కుల ప్రమాణాలు నోటీసులో ఉన్నవేనా? నోటీసులో లేని ఉపప్రమాణం మూల్యాంకన పట్టికలో కనిపిస్తే, బిడ్లు చూసిన తరువాత కొలబద్దను మార్చారన్న అనుమానానికి తావుంటుంది. రెండోది తేదీలు. నాణ్యత మార్కులు ఖరారై సభ్యులు సంతకాలు చేసిన తరువాతే ధరల బిడ్లు తెరవాలి. ఎవరి ధర ఎంతో తెలిశాక వేసిన నాణ్యత మార్కులను నమ్మడం కష్టం. మూడోది తిరస్కరణ. 'ధరావతు చెల్లించలేదు' అన్నది సరిచూడదగిన కారణం. 'పత్రాలు అసంపూర్ణం' అని రాసి ఏ పత్రమో చెప్పకపోతే అది కారణం కాదు.

ఈ కాగితాలను 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. 'టెండరు వివరాలు' అని అడిగితే మొక్కుబడి జవాబే వస్తుంది. టెండరు నోటీసు, నాణ్యత మార్కుల పట్టిక, ధరల తులనాత్మక పట్టిక, సంతకాలున్న కమిటీ మినిట్స్ అని విడివిడిగా పేర్కొనాలి. వ్యాపార రహస్యమని సెక్షన్ 8(1)(డి) చూపి నిరాకరించవచ్చు. విస్తృత ప్రజా ప్రయోజనం ఉంటే వెల్లడించాలని ఆ నిబంధనే చెబుతోంది. రహస్యమైన భాగాన్ని తొలగించి మిగిలినది ఇవ్వడానికి సెక్షన్ 10 ఉంది. నిరాకరణ అందిన 30 రోజుల్లోగా మొదటి అప్పీలు వేయాలి.

ఒక పరిమితిని కూడా గుర్తుంచుకోవాలి. మినిట్స్ సక్రమంగా ఉన్నంతమాత్రాన భోజనం సక్రమంగా ఉంటుందని కాదు. సరఫరా మొదలయ్యాక జరిగే లోపాలు అందులో కనిపించవు. అయితే గోదాము ఉందని మార్కులు పొందినవారికి ఆ గోదామే లేదని తేలితే, ఫిర్యాదుకు ఆధారం ఆ మినిట్సే అవుతుంది. అందుకే వసతి గృహాల తల్లిదండ్రుల సంఘాలు ఈ విద్యాసంవత్సరపు సరఫరా టెండరు మినిట్స్‌ను ఇప్పుడే అడిగి తీసుకోవాలని, మార్కులను తామే ఒకసారి కూడి చూసుకోవాలని కోరుతున్నాం.