బొమ్మా బొరుసా?

మా అమ్మాయి స్కూల్లో స్పోర్ట్స్ డే నాడు రెడ్ హౌస్‌కీ, బ్లూ హౌస్‌కీ చెరి 68 పాయింట్లు వచ్చాయి. టాస్ వేసి కప్పు బ్లూ వాళ్ళకిచ్చారు. మా పిల్లది రెడ్. రాత్రి అన్నం కూడా తినలేదు.

మర్నాడు తను రాసుకున్న లెక్కలు చూశాను. మొదటి స్థానానికి 5, రెండుకి 3, మూడుకి 1. అంటే ఒక్కో పోటీకి మొత్తం తొమ్మిది. హైజంప్‌లో మాత్రం పదకొండు పంచారు! బ్లూ, గ్రీన్ పిల్లలు రెండో స్థానంలో సమానమయ్యారని ఇద్దరికీ మూడేసి ఇచ్చారట.

అక్కడే తప్పు జరిగింది. హైజంప్‌లో సమానమైతే, ఆఖరుగా దాటిన ఎత్తులో ఎవరు తక్కువసార్లు తప్పారో చూడాలి. ఆ తర్వాత, ఆ ఎత్తు వరకూ మొత్తం తప్పులు. అప్పటికీ తేలకపోతే రెండు, మూడు స్థానాల పాయింట్లు కలిపి, నాలుగుని చెరి రెండుగా పంచాలి. అలా పంచి ఉంటే బ్లూకి 67. అసలు టాస్ అవసరమే వచ్చేది కాదు.

నిజంగానే సమానమైతే? మొదటి స్థానాలు ఎవరికి ఎక్కువో చూడండి. అవీ సమానమైతే రెండో స్థానాలు. అప్పటికీ తేలకపోతే కప్పు చెరి ఆర్నెల్లు ఉంచుకోనివ్వండి. ఈ వరస పోటీలకు ముందే నోటీసు బోర్డు మీద పెట్టాలి. ఫలితం తెలిశాక రాసిన రూలు ఎంత మంచిదైనా, ఓడినవాళ్ళకి పక్షపాతంగానే కనిపిస్తుంది.

వచ్చే పేరెంట్స్ మీటింగ్‌లో నేను అడగబోయేది ఇదే. కప్పు వెనక్కిమ్మని కాదు.