పోలేదు, పోనిచ్చారు

"ఫుటేజీ పోయింది" అన్న మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. తిరుమలగిరి దగ్గర ఒక మిల్లులో పేర్చిన వడ్ల బస్తాలు కూలి మా వాడకట్టు హమాలీ కాలు విరిగింది. గోడ మీది కెమెరా సరిగ్గా ఆ బస్తాల వైపే చూస్తోంది. తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉండి, కట్టుకట్టిన కాలితో, భార్య భుజం పట్టుకుని మిల్లుకు పోతే గుమాస్తా ఒక్క ముక్కలో తేల్చేశాడు: "అది దానంతటదే పోతది. మా చేతుల ఏముంది?" పనివాడే వద్దన్నా వినకుండా బస్తాల మీదికి ఎక్కాడని మిల్లువాళ్లు అప్పటికే కాగితం రాసిపెట్టుకున్నారు. అది అబద్ధమని చెప్పగలిగిన ఒకే ఒక్క సాక్షి డబ్బాలో చెరిగిపోయింది.

ఆ డబ్బా లెక్క చూడండి. ఒక కెమెరా సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున రికార్డు చేస్తే రోజుకు దాదాపు 22 జీబీ అవుతుంది. 8 కెమెరాలకు సుమారు 173 జీబీ. 1 టీబీ హార్డ్ డిస్క్ ఆరు రోజులు కూడా రాదు. నిండినంత మాత్రాన డీవీఆర్ ఆగదు. అన్నిటికన్నా పాత రికార్డు మీద కొత్తది రాసుకుంటూ పోతుంది. అంటే ఎవరూ ఏదీ చెరపనక్కర్లేదు, చేతులు కట్టుకుని కూర్చుంటే చాలు. పనివాడు మంచం దిగే లోపల యజమాని పని యంత్రమే చేసిపెడుతుంది.

ఆపడం కష్టమా? పెన్‌డ్రైవ్ పెట్టి ఆ గంట రికార్డును కాపీ చేయడం కొద్ది నిమిషాల పని. ఇంకా మేలు కావాలంటే ఆ హార్డ్ డిస్క్‌ను తీసి బీరువాలో పెట్టి, కొత్తది బిగించాలి. బస్తా వడ్లు దొంగతనం పోతే ఇదే గుమాస్తా ఆ రాత్రికే ఫుటేజీ తీసి సేటు ఫోనుకు పంపుతాడు. మనిషి కాలు విరిగినప్పుడే వాళ్లకు యంత్రం సంగతి తెలియకుండా పోతుంది.

అందుకే అడగాలి, రాతలో అడగాలి, ఆ రోజే అడగాలి. నోటిమాటకు సాక్ష్యం ఉండదు. పోస్టులో పంపి ఊరుకుంటే అది చేరేలోపు సగం డిస్కు తిరిగిపోతుంది. ఇంటివాళ్లో తోటి హమాలీయో తెల్లకాగితం మీద ఇంత రాస్తే చాలు:

"ఫలానా తేదీ ఉదయం 10.40కి మీ గోదాములో బస్తాలు కూలి ఫలానా హమాలీకి దెబ్బ తగిలింది. గోదాము కెమెరాలో, గేటు కెమెరాలో 10 నుంచి 12 గంటల దాకా ఉన్న రికార్డు చెరిగిపోకుండా ఈ రోజే కాపీ తీయించి, అసలు హార్డ్ డిస్క్‌ను భద్రపరచండి. డీవీఆర్ గడియారానికి, అసలు టైముకు తేడా ఉంటే రాసిపెట్టండి. నష్టపరిహారం కేసులో ఇది సాక్ష్యం."

రెండు ప్రతులు రాసి, ఒకదాని మీద అందినట్టు సంతకం తీసుకోవాలి. సంతకం పెట్టకపోతే కాగితాన్ని ఫొటో తీసి యజమానికి వాట్సాప్‌లో పంపాలి. మరో ప్రతి పోలీస్ స్టేషన్‌లో, ఇంకొకటి కార్మిక శాఖ ఆఫీసులో ఇవ్వాలి. గడియారం మాట ఎందుకంటే, డీవీఆర్ టైము అరగంట తప్పితే చెప్పిన టైము దగ్గర ఖాళీ గోదాము కనబడుతుంది. "చూశాం, ఏం లేదు" అనేస్తారు.

ఈ కాగితం చూపగానే ఫుటేజీ మన చేతికి వస్తుందని నేను చెప్పను. ప్రైవేటు మిల్లు మీద సమాచార హక్కు చట్టం పనిచేయదు. రికార్డును తెప్పించగలిగేది పోలీసులు, కోర్టు, పరిహారం కేసు విచారించే అధికారి. కానీ వాళ్లు అడిగేనాటికి అది మిగలాలి కదా! కాగితం అందాక "మాకు తెలియదు" అనే దారి మూసుకుపోతుంది. సాక్ష్యంగా చూపాల్సిన ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టుకు చేరకుండా చేయాలని నాశనం చేస్తే భారతీయ న్యాయ సంహిత 241వ సెక్షన్ కింద నేరం. వారణాసిలోని ఒక హోటల్లో జరిగిన మరణం కేసులో, ఉన్న సీసీటీవీ ఫుటేజీని పోలీసులు కోర్టు ముందు పెట్టలేదు. ఆ లోపాన్ని సుప్రీంకోర్టు 2015లో ప్రాసిక్యూషన్‌కే వ్యతిరేకంగా లెక్కించింది. చేతిలో ఉన్న సాక్ష్యాన్ని చూపనివాడికే అది చేటు అన్న సూత్రం పోలీసులకు వర్తిస్తే, సేటుకు ఎందుకు వర్తించదు?

పోలీస్ స్టేషన్ల ఫుటేజీని 18 నెలలు, వీలు కాకుంటే కనీసం ఏడాది దాచాలని 2020లో సుప్రీంకోర్టే ఆదేశించింది. లాకప్‌లో మనిషికి ఇచ్చిన ఆ రక్షణ బస్తా మోసే మనిషికీ కావాలి. ప్రమాదం జరిగిన చోట డిస్కును ఆ రోజే తీసి సీలు వేయడం యజమాని బాధ్యతని ప్రభుత్వం రాయాలి. పనివాడు అడిగితేనే అన్న షరతు ఉండకూడదు, ఎందుకంటే ఆ గంటలో అడగాల్సినవాడు స్ట్రెచర్ మీద ఉంటాడు.

అది రాసేదాకా, 108 బండి ఆసుపత్రికి చేరేలోపు తోటి హమాలీల్లో ఒకరు కాగితంతో మిల్లు ఆఫీసు గుమ్మం ఎక్కాలి. మా వాడకట్టు మనిషికి ఆ రోజు అలా ఎక్కేవాళ్లు ఎవరూ లేరు. నాకూ ఈ లెక్క అప్పటికి తెలియదు. ఇప్పుడు తెలుసు, మీకూ తెలిసింది.