అమ్మ అమ్మలాగే కనపడాలంటే

ఏఐతో అమ్మావాళ్ళ బొమ్మలు చేయించిన స్నేహితురాళ్ళు చాలామంది ఒకే మాట అంటున్నారు. "బొమ్మ బావుంది కానీ, మా అమ్మలా లేదు." పట్టుచీర అంచు మెరుస్తుంది, వెనక తులసికోట చక్కగా కుదురుతుంది, ముఖం మాత్రం ఎవరో పక్కింటావిడది. చాలాసార్లు దీనికి కారణం మనమిచ్చే ఫోటోల్లోనే ఉంటుంది. ఫోటోలో సరిగ్గా కనపడని దాన్ని ఆ ప్రోగ్రాం అంతవరకూ చూసిన వేలవేల ముఖాల ఆధారంగా ఊహించి పూరిస్తుంది. ఊహ పెరిగినకొద్దీ పోలిక తగ్గుతుంది. అందుకని ఈసారి ఫోటోలు ఎలా ఏరుకోవాలో చెబుతాను.

మా వదిన సంగతే తీసుకుందాం. వాళ్ళమ్మగారు పోయి రెండేళ్ళయింది. కొత్త ఇంటి గృహప్రవేశం నాటికి, అత్తయ్యగారు పట్టుచీరలో కూర్చున్న బొమ్మ ఒకటి హాల్లో పెట్టాలని వదిన కోరిక. దొరికిన ఏడు ఫోటోలూ ఒకేసారి ఇచ్చేసింది. వచ్చిన బొమ్మ చూసి మా అన్నయ్య "ఎవరీవిడ?" అన్నాడట. అప్పుడు నాకు ఫోన్ చేసింది. ఇద్దరం ఒక్కొక్క ఫోటో తెరిచి చూశాం.

మొదటిది పెళ్ళి ఫోటో. అందులో అత్తయ్యగారికి ఇరవై ఏళ్ళు. మనకు కావలసింది అరవై దాటిన మనిషి. రెండూ కలిపి ఇస్తే ఆ రెంటికీ మధ్య ఎవరో తయారవుతారు. బుగ్గలు పడుచు పిల్లవి, జుట్టు ముసలావిడది. అందుకని అన్నీ ఒకే వయసువి, అయిదారేళ్ళ తేడాలోవి ఉండాలి. ఎంత ఇష్టమైన ఫోటో అయినా సరే, దాన్ని పక్కన పెట్టించాను.

రెండోది మనవడి బారసాల గ్రూపు ఫోటో. ఇరవైమందిలో ఆవిడ ముఖం శనగగింజంత. నాకో చిన్న పరీక్ష ఉంది. ముఖం ఫోన్ తెర నిండేదాకా పెద్దది చేసి చూస్తాను. కనుబొమల్లో వెంట్రుకలు విడివిడిగా కనపడితే ఆ ఫోటో పనికొస్తుంది. అలుక్కుపోయినట్టుంటే పనికిరాదు. లెక్కలో చెప్పాలంటే గడ్డం నుంచి నుదుటిదాకా కనీసం 500 పిక్సెల్స్ ఉండేలా చూసుకుంటాను.

మూడోది మనవడు చెయ్యి చాచి తీసిన సెల్ఫీ. కెమెరా అంత దగ్గరగా ఉంటే ముక్కు పెద్దదై, చెవులు వెనక్కి పోయి, ముఖం సన్నబడుతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. కొన్ని ఫోన్లు సెల్ఫీని అద్దంలో చూసినట్టు తిప్పి దాచుకుంటాయి. మనకి దాన్ని పట్టడం తేలిక. పైట ఎడమ భుజం మీదది కదా, మామూలు ఫోటోలో అది చూసేవాళ్ళకి కుడివైపు కనపడాలి. ఇందులో ఎడమవైపు కనపడింది. అంటే అత్తయ్యగారి పై పెదవి పక్కనున్న పుట్టుమచ్చ కూడా అటుది ఇటు మారినట్టే.

నాలుగోది అమెరికా వీసాకి తీయించిన ఫోటో. వదిన దాన్ని "దొంగని పట్టుకున్నట్టుంది" అని తీసేయబోయింది. వద్దన్నాను. పోలిక కోసం ఇంతకంటే మంచిది దొరకడం కష్టం. ఎదురుగా చూస్తూ, తెల్లటి గోడ ముందు, వెలుగు సమంగా పడేలా తీయాలని వీసా నియమం. 2016 నవంబరు నుంచి కళ్ళజోడు కూడా పెట్టుకోనివ్వడం లేదు కాబట్టి కళ్ళు స్పష్టంగా ఉంటాయి. మన ఊళ్ళలో కొన్ని స్టూడియోలు అడక్కుండానే ముఖం తెల్లగా చేసి ముడతలు తుడిచేస్తాయి. ఆ పని జరగలేదని నుదుటి గీతలు చూసి నిర్ధారించుకున్నాం.

అయిదోది వరండాలో వత్తులు చేసుకుంటుండగా కాస్త పక్కనుంచి తీసింది. ముక్కు ఎత్తు, దవడ గీత, చెవి ఆకారం ఎదురు ఫోటోలో తెలియవు, ఇందులో తెలుస్తాయి. ఆరోదాన్ని ఎవరో యాప్‌లో పెట్టి "క్లియర్" చేశారు. అలాంటి యాప్ మసకగా ఉన్నచోట కొత్త కళ్ళు, కొత్త పెదవులు గీస్తుంది. దాన్ని చూసి బొమ్మ గీయిస్తే ఊహ మీద ఊహ అవుతుంది. ఏడోది బంధువుల పెళ్ళిలో పెదవులు కలిపి చిన్నగా నవ్వుతున్నది.

అలా నాలుగు, అయిదు, ఏడు మిగిలాయి. మూడు చాలు. తర్వాత వాట్సాప్‌లో వచ్చిన కాపీలు కాకుండా, అసలువి డాక్యుమెంటుగా పంపమని వదిన తమ్ముణ్ణి అడిగింది. మామూలుగా పంపితే వాట్సాప్ ఫోటోని కుదించేస్తుంది. పక్కవాళ్ళ ముఖాలు కనపడకుండా కత్తిరించాం. లేకపోతే పక్కావిడ గడ్డం అత్తయ్యగారికి రావచ్చు. ముఖం వరకే బిగించకుండా జుట్టు, చెవులు, మెడ, కాస్త భుజం ఉంచాం. వెలుగు పెంచడం, నునుపు చేయడం లాంటివేమీ చేయలేదు.

అడిగేటప్పుడు ముఖాన్ని వర్ణించవద్దని చెప్పాను. "అందంగా, కళగా" అనే మాటలు పడితే ముఖం తెల్లబడి, ముడతలు పోయి, సీరియల్ అత్తగారు తయారవుతుంది. ముఖం, వయసు, రంగు, పుట్టుమచ్చ ఫోటోల్లో ఉన్నట్టే ఉంచమని రాసి, చీర, కుర్చీ, కిటికీ వెలుగు మాత్రం వివరించింది. నిలువెత్తు బొమ్మలో ముఖం చిన్నదై పోలిక జారుతుంది కాబట్టి నడుము పైవరకే అడిగింది.

మొదట వచ్చినదాన్ని వీసా ఫోటో పక్కన అదే సైజులో పెట్టి చూశాం. పెదవుల నుంచి కింద చేత్తో మూసి కళ్ళు, కళ్ళ మధ్య దూరం చూశాం. తర్వాత కళ్ళు మూసి నోరు, గడ్డం చూశాం. కళ్ళు కుదిరాయి, దవడ సన్నబడింది. మళ్ళీ చేయిస్తే మూడోసారికి సరిగ్గా వచ్చింది. అసలు పరీక్ష ఇంకోటి చేశాం. ఏమీ చెప్పకుండా వదిన వాళ్ళ పిన్నికి పంపించాం. "అక్కయ్య ఈ చీర ఎప్పుడు కట్టిందే?" అని అడిగిందావిడ.

ఒక్క కోరిక మాత్రం తీరలేదు. అత్తయ్యగారు పకపకా నవ్వుతున్నట్టు కావాలంది వదిన. ఆవిడ పై పళ్ళ మధ్య చిన్న సందు ఉండేది. ఏ ఫోటోలోనూ పళ్ళు కనపడవు. నవ్వించి చూస్తే ముత్యాల్లాంటి సమానమైన పళ్ళు వచ్చాయి. "ఇది మా అమ్మ నవ్వు కాదు వదినా" అని తనే తీసేసింది. చివరికి చిన్న నవ్వుతోనే ఉంచింది.

మీ అమ్మగారు, అత్తగారు మీ దగ్గరికి వచ్చి ఉంటే ఈ వెతుకులాట అక్కర్లేదు. పగటిపూట కిటికీకి ఎదురుగా కూర్చోబెట్టండి. వెనక కెమెరాతో, కంటి ఎత్తులో, అయిదడుగుల దూరం నుంచి 2x పెట్టి తీయండి. ఎదురుగా ఒకటి, కొంచెం కుడికీ ఎడమకీ తిరిగి ఒక్కోటి, పళ్ళు కనపడేలా నవ్వుతూ ఒకటి. రోజూ పెట్టుకునే బొట్టు, కళ్ళజోడు, ముక్కుపుడక ఉండనివ్వండి. ఎందుకు తీస్తున్నారో ముందే చెప్పి, సరేనన్నాకే తీయండి.

బొమ్మ ఫ్రేము కట్టించాక వదిన వెనకాల, ఇది చేయించిన బొమ్మ, ఫోటో కాదు అని తేదీతో రాసింది. ఆ మూడు అసలు ఫోటోలూ కవర్లో పెట్టి అక్కడే అంటించింది. మనవలు పెద్దయ్యాక అమ్మమ్మ ముఖం ఏదో వాటిలో చూసుకుంటారు.